టెండరు ఆహ్వానానికి జవాబు లేఖ: గడువు తేదీలు, జతపరిచే కాగితాలు, బిడ్ చెల్లుబాటు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో ఫాబ్రికేషన్ షెడ్లు నడిపేవాళ్లకి టెండరు కాగితాలు సిద్ధం చేసి ఇవ్వడం నా పని. రేటు దగ్గర, పనితనం దగ్గర మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. ఓడిపోయేది ఎక్కువగా కవరులో పైన పెట్టే ఒక్క పేజీ లేఖ దగ్గరే. ఆ పేజీ గురించి మా దగ్గరికి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాశాను.

వీలైనంతవరకు ఒకే కేసు పట్టుకుని చెబుతాను. గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజి వాళ్లు మిర్చి టిక్కీలు పెట్టే గదికి స్టీలు ర్యాకులు చేయించాలని కొందరు ఫాబ్రికేటర్లకి టెండరు ఆహ్వానం పంపారు. మా పక్క షెడ్డు ఆయనకీ వచ్చింది. జరిగినదే, తేదీలు మాత్రం లెక్కకి వీలుగా మార్చాను. సందేహాలు అడగడానికి ఆగస్టు 29 సాయంత్రం 5 గంటలు. సీలు కవర్లు ఆఫీసులో అందడానికి 2025 సెప్టెంబరు 12, శుక్రవారం, మధ్యాహ్నం 3 గంటలు. కవర్లు తెరిచేది సెప్టెంబరు 15, సోమవారం, ఉదయం 11 గంటలు. బిడ్ 90 రోజులు చెల్లాలి. ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే హామీ డబ్బు, లక్షన్నర, డీడీ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ.

ఫారాలన్నీ నింపి సంతకాలు పెట్టాం. మళ్లీ విడిగా లేఖ ఎందుకు?

వాళ్లు పంపిన ఆహ్వానం ఆఫరు కాదు, ఆఫరు ఇవ్వమని పిలుపు మాత్రమే. ఆఫరు ఇచ్చేది మీరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం లెక్కలో మీ బిడ్ అనేదే ప్రతిపాదన, దాన్ని వాళ్లు ఒప్పుకుంటేనే ఒప్పందం. ఆ ప్రతిపాదన ఏ టెండరుకి, ఏ కాగితాలతో, ఏ రోజు వరకు నిలబడుతుంది అన్నది ఒక్క చోట చెప్పేది ఈ లేఖే. కవరు తెరిచిన కమిటీ మొదట చదివేది కూడా దీన్నే.

కొన్ని టెండర్లలో బిడ్ ఫారం అని వాళ్లే ఒక నమూనా ఇస్తారు. అలా ఇస్తే అదే మీ లేఖ. అందులో మాటలు మార్చకుండా లెటర్‌హెడ్ మీద టైపు చేసి సంతకం పెట్టండి. మీ సొంత లేఖ ఒకటి, వాళ్ల ఫారం ఒకటి పెట్టి రెండింట్లో రెండు రకాల తేదీలు ఉంటే మీ బిడ్ మీతోనే విభేదించినట్టు అవుతుంది.

ఆహ్వానంలో నాలుగైదు తేదీలున్నాయి. అసలు గడువు ఏది?

ప్రతి తేదీకీ ఒక పని ఉంటుంది. పైన చెప్పిన కేసులో ఆగస్టు 29 దాటితే సందేహం అడిగే హక్కు పోతుంది, బిడ్ వేసే హక్కు పోదు. సెప్టెంబరు 12 మధ్యాహ్నం 3 దాటితే బిడ్ వేసే హక్కే పోతుంది. సెప్టెంబరు 15 మీకు గడువు కాదు, ఆ రోజు మీరు చూడడానికి వెళ్లొచ్చు, అంతే.

ఇక్కడ ఒక మాట బాగా చూసుకోవాలి: 'అందడానికి' అని ఉందా, 'పంపడానికి' అని ఉందా? దాదాపు అన్నిచోట్లా 'అందడానికి' అనే ఉంటుంది. మీరు 11వ తేదీన కొరియర్‌లో వేసిన రసీదు చూపించినా, కవరు వాళ్ల టేబులు మీదకి 12న 3:20కి చేరితే అది ఆలస్యమైన బిడ్ కిందే లెక్క. ప్రభుత్వ కొనుగోళ్లలో దీనికి మినహాయింపు ఉండదు. కేంద్రం 2017లో తెచ్చిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ఆలస్యంగా వచ్చిన బిడ్లను పరిగణించకూడదనే చెబుతాయి. ప్రైవేటు సంస్థ కావాలంటే సడలించుకోవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకుని బెజవాడ నుంచి గుంటూరుకి మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరడం మంచిది కాదు. మంగళగిరి దగ్గర ఒక్క లారీ అడ్డం తిరిగినా చాలు.

చేత్తో ఇస్తే మీ లేఖ రెండో కాపీ మీద వాళ్ల స్టాంపు, తేదీ, టైము వేయించుకోండి. 'లోపల పెట్టేసి వెళ్లండి' అంటే వినకండి. తర్వాత గొడవ వస్తే ఆ స్టాంపు తప్ప మీ చేతిలో ఇంకేమీ ఉండదు.

గడువు రోజు సెలవు పడితే?

చాలా టెండరు షరతుల్లో 'ఆ రోజు సెలవు ప్రకటిస్తే తర్వాతి పనిదినం అదే సమయానికి' అని ఒక వాక్యం ఉంటుంది. అది ఉంటే దాని ప్రకారమే. లేకపోతే మీ అంతట మీరు ఊహించుకోవద్దు. ముందురోజే ఇచ్చేయండి, లేదా రాతపూర్వకంగా అడగండి. ఆన్‌లైన్ టెండరులో మాత్రం సెలవు పెద్దగా లెక్కలోకి రాదు. పోర్టల్‌కి సెలవు లేదు, కారిజెండం, అంటే టెండరు సవరణ ప్రకటన, వస్తే తప్ప తేదీ కదలదు.

షరతుల్లో ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి ఉంది. ఏది నమ్మాలి?

మన కేసులో సరిగ్గా ఇదే జరిగింది. షరతుల పేజీలో 'బిడ్ సమర్పణ చివరి తేదీ నుంచి 90 రోజులు' అని ఉంది. వెనక అనుబంధంలో ఉన్న ఫారంలో 'బిడ్లు తెరిచిన తేదీ నుంచి 90 రోజులు' అని ఉంది. పాత టెండరు ఫైలు నుంచి కాపీ చేసినప్పుడు ఇలాంటివి మిగిలిపోతుంటాయి.

సందేహాల గడువు లోపల రాసి అడగడమే సరైన దారి. ఫోనులో అడిగితే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారు, ఆ మాటకి రేపు విలువ ఉండదు. ఇలా రాస్తే చాలు:

> మీ టెండరు ఆహ్వానంలో షరతు 9 ప్రకారం బిడ్ చెల్లుబాటు సమర్పణ చివరి తేదీ (12-09-2025) నుంచి లెక్కించాలి. అనుబంధం 2లోని ఫారంలో బిడ్లు తెరిచే తేదీ (15-09-2025) నుంచి అని ఉంది. ఈ రెండింటిలో ఏది పాటించాలో, బ్యాంకు గ్యారంటీ ఏ తేదీ వరకు ఉండాలో దయచేసి రాతపూర్వకంగా తెలియజేయగలరు.

అడగడం వల్ల చెడ్డపేరు వస్తుందని కొందరు జంకుతారు. అలాంటిదేమీ లేదు. మంచి కొనుగోలు విభాగం ఆ జవాబును టెండరు తీసుకున్న అందరికీ పంపుతుంది, మీ పేరు కూడా పెట్టదు. జవాబు రాలేదా? అప్పుడు రెండింటిలో ఏ తేదీ దూరంగా ఉంటే అది రాయండి. ఎక్కువ రోజులు నిలబడే బిడ్‌ను తక్కువ రోజులుందని ఎవరూ తీసిపారేయలేరు.

'ఈ కొటేషన్ నేటి నుంచి 90 రోజులు చెల్లుతుంది' అని రాస్తే తప్పేంటి?

ఈ పేజీ మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువ బాధపడి రాస్తున్న జవాబు ఇదే. మా పక్క షెడ్డు ఆయన పోగొట్టుకుంది ఈ ఒక్క వాక్యంతోనే.

ఆయన కంప్యూటర్‌లో కొటేషన్ నమూనా ఒకటి ఉంది. కింద ఆ వాక్యం ఎప్పటినుంచో ఉంది. మామూలు గిరాకీకి అది సరిపోతుంది. ఆయన లేఖ మీద తేదీ సెప్టెంబరు 8. నాలుగు రోజుల ముందే అన్నీ సిద్ధం చేసుకున్నాడు, పద్ధతైన మనిషి. ఇప్పుడు లెక్క చూడండి.

8వ తేదీని వదిలేసి 9 నుంచి లెక్కపెడితే సెప్టెంబరులో 22 రోజులు. అక్టోబరు 31 కలిపితే 53. నవంబరు 30 కలిపితే 83. ఇంకో 7 కావాలి, అంటే డిసెంబరు 7తో ఆయన బిడ్ ముగుస్తుంది.

షరతు 9 ప్రకారం టెండరు అడిగింది సెప్టెంబరు 12 నుంచి. 13 నుంచి లెక్కపెడితే సెప్టెంబరులో 18, అక్టోబరుతో 49, నవంబరుతో 79, ఇంకో 11. అంటే డిసెంబరు 11.

నాలుగు రోజులు తక్కువ. అడిగినదానికంటే తక్కువ చెల్లుబాటు ఇచ్చిన బిడ్‌ను షరతులకు అనుగుణంగా లేదని పక్కన పెట్టొచ్చని షరతుల్లోనే ఉంది. వాళ్లు అదే చేశారు. లేఖ ఉన్నది అర్హత కాగితాలు పెట్టే టెక్నికల్ కవరులో, కాబట్టి రేటు ఉండే ప్రైస్ కవరు తెరవకుండానే తిరిగి ఇచ్చేశారు. ఆయన రేటు గెలిచేదో కాదో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

తొందరపడి ముందే తేదీ వేసినవాడే ఇక్కడ ఎక్కువ నష్టపోతాడు, అదే నాకు బాధ. సెప్టెంబరు 12నే లేఖ రాసి ఉంటే అదే వాక్యం షరతు 9కి సరిపోయేది.

అయితే చెల్లుబాటు ఎలా రాయాలి?

రోజుల సంఖ్యా రాయండి, ఏ తేదీ నుంచో రాయండి, ముగిసే తేదీ కూడా రాయండి. మూడూ ఉంటే ఎవరూ వేరేలా చదవలేరు. మన కేసులో సందేహానికి జవాబు రాలేదనుకుని, దూరపు తేదీ పట్టుకుని ఇలా రాయాలి:

> మా బిడ్, బిడ్లు తెరిచే తేదీ అయిన 15-09-2025 నుంచి 90 రోజులు, అంటే 14-12-2025 రోజు ముగిసే వరకు చెల్లుబాటులో ఉంటుంది. ఆ తేదీ లోపల మీరు ఎప్పుడు అంగీకరించినా మేము కట్టుబడి ఉంటాము.

15ని వదిలి 16 నుంచి లెక్కపెడితే సెప్టెంబరులో 15, అక్టోబరుతో 46, నవంబరుతో 76, ఇంకో 14. డిసెంబరు 14 ఆదివారమైనా ముగిసేది ఆ రోజే. చెల్లుబాటు రోజుల్లో ఆదివారాలు, దసరా సెలవులు అన్నీ కలిసే ఉంటాయి. పనిదినాలని ప్రత్యేకంగా అంటే తప్ప అవి తీసేయకూడదు.

తెరిచే తేదీ వాయిదా పడితే ఈ లెక్క కూడా మారుతుంది. అందుకే 'తెరిచే తేదీ' అని మాటల్లో ఉంచి, పక్కన అంకెల్లో తేదీ ఇవ్వడం మంచిది. వాయిదా పడినట్టు సమాచారం వస్తే కొత్త తేదీతో ఒక చిన్న లేఖ పంపండి.

90 రోజులు అన్నా మూడు నెలలు అన్నా ఒకటే కదా?

కాదు. సెప్టెంబరు 12 నుంచి మూడు నెలలంటే డిసెంబరు 12, 90 రోజులంటే డిసెంబరు 11. ఇక్కడ మీకు నష్టం లేదు. కానీ ఫిబ్రవరి 1 నుంచి మూడు నెలలు తీసుకోండి. మే 1 వస్తుంది. లీపు సంవత్సరం కాకపోతే అది 89 రోజులే. వాళ్లు 90 రోజులు అడిగితే మీరు ఒక రోజు తక్కువ ఇచ్చినట్టు. టెండరు ఏ మాట వాడితే మీరూ అదే మాట వాడండి, వాళ్లు రోజులంటే రోజులు, నెలలంటే నెలలు.

స్టీలు రేటు రోజుకోలా ఉంది. 90 రోజులు ఎలా ఆగుతాం? 30 రోజులే అని రాయకూడదా?

ఈ భయం నాకు బాగా అర్థమవుతుంది. ర్యాకుల పనిలో ఖర్చులో పెద్ద భాగం యాంగిల్, చానెల్ కొనుగోలే. సెప్టెంబరులో రేటు చెప్పి డిసెంబరులో ఆర్డరు వస్తే మధ్యలో తేడా మీ మీదే పడుతుంది.

అయినా లేఖలో 30 రోజులని రాస్తే బిడ్ బయటకి పోతుంది. 'స్టీలు రేటు పెరిగితే మా రేటు మారుతుంది' అని రాసినా అంతే, దాన్ని షరతులతో కూడిన బిడ్ అంటారు. మీకున్న దారులు రెండే. సందేహాల గడువు లోపల, చెల్లుబాటు తగ్గించమనో, ధర సవరణ షరతు పెట్టమనో రాసి అడగొచ్చు. వాళ్లు ఒప్పుకుంటే అందరికీ వర్తిస్తుంది. ఒప్పుకోకపోతే ఆ 90 రోజుల రిస్కుకి ఎంత వేసుకోవాలో లెక్క చూసుకుని ధరలోనే కలుపుకోండి. అంత కలిపితే గెలవలేమనిపిస్తే ఆ టెండరు వదిలేయడం కూడా తప్పు కాదు.

జతపరిచిన కాగితాల జాబితా ఎలా రాయాలి?

'మీరు అడిగిన అన్ని పత్రాలు జతపరిచాము' అని ఒక్క వాక్యంలో తేల్చేయవద్దు. ఏదైనా కాగితం తప్పిపోతే, అది మీరు పెట్టలేదా, వాళ్ల దగ్గర పోయిందా అన్నది తేల్చడానికి దారి ఉండదు. ప్రతి కాగితానికీ పేరు, నంబరు, తేదీ, అది ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు ఉందో రాయండి. కట్ట మొత్తానికి ఒకటి నుంచి చివరి వరకు పేజీ నంబర్లు చేత్తో వేసినా సరే. లేఖలో 'మొత్తం 46 పేజీలు' అని రాసి, 46వ పేజీ మీద 'చివరి పేజీ' అని రాయండి.

మన కేసులో జాబితా ఇలా వచ్చింది. సంతకాలు చేసిన టెండరు షరతులు, 1 నుంచి 18. ఈఎండీ బ్యాంకు గ్యారంటీ ఒరిజినల్ వేరే చిన్న కవరులో, దాని కాపీ 19 నుంచి 21. జీఎస్టీ రిజిస్ట్రేషన్, అంటే ఆర్‌ఈజీ-06 ఫారం, 22 నుంచి 24. పాన్ కాపీ 25. పార్ట్‌నర్‌షిప్ డీడు, ఎవరు సంతకం పెట్టాలో మిగతా భాగస్వాములు ఇచ్చిన అధికార పత్రం, 26 నుంచి 34. మూడేళ్ల టర్నోవర్‌కి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ 35. ఇంతకుముందు చేసిన పనులకి పూర్తి చేసినట్టు సర్టిఫికెట్లు 36 నుంచి 41. ర్యాకు డ్రాయింగు, స్టీలు గేజి వివరాలు 42 నుంచి 46.

ఇందులో మూడు చోట్ల ఎక్కువమంది జారుతారు. అకౌంటెంట్ సర్టిఫికెట్ మీద అక్షరాలు, అంకెలు కలిపి 18 ఉండే గుర్తింపు సంఖ్య యూడీఐఎన్ ఉండాలి. 2019 ఫిబ్రవరి 1 నుంచి సర్టిఫికెట్లన్నిటికీ అది తప్పనిసరి, `udin.icai.org` లో ఎవరైనా సరిచూడొచ్చు. ఇచ్చేముందు మీరే ఒకసారి సరిచూసుకోండి. అనుభవం కింద వర్క్ ఆర్డరు పెడితే మీకు పని వచ్చిందని మాత్రమే తెలుస్తుంది, పూర్తి చేశారని కాదు, కాబట్టి పూర్తి చేసినట్టు సర్టిఫికెట్టే కావాలి. మూడోది సంతకం. డీడులో ఒకరి పేరు, లేఖ మీద ఇంకొకరి సంతకం, మధ్యలో అధికార పత్రం లేకపోతే ఆ లేఖలో రాసిన వాగ్దానమే ప్రశ్నార్థకం అవుతుంది.

ఒక కాగితం సమయానికి చేతికి రాలేదు. ఏం రాయాలి?

ఉన్నది ఉన్నట్టు రాయండి. 'ఫలానా పని పూర్తి సర్టిఫికెట్ కోసం ఫలానా తేదీన దరఖాస్తు చేశాము, దరఖాస్తు కాపీ 41వ పేజీలో ఉంది' అని రాయొచ్చు. దాన్ని ఒప్పుకుంటారా లేదా అన్నది ఆ కాగితం ఏమిటన్నదాని మీద ఉంటుంది. ఈఎండీ లేకపోతే ఏమీ చేయలేరు. పాన్ కాపీ లాంటివి తర్వాత అడిగి తీసుకునే వీలు కొన్ని టెండర్లలో ఉంటుంది. లేని కాగితాన్ని జాబితాలో ఉందని మాత్రం ఎప్పుడూ రాయవద్దు. అది తప్పుడు ప్రకటన అవుతుంది, ఈఎండీ కూడా పోవచ్చు.

లేఖలో ధర రాయొచ్చా?

రెండు కవర్ల పద్ధతి అయితే అస్సలు రాయకూడదు. లేఖ టెక్నికల్ కవరులో ఉంటుంది. అందులో రేటు కనిపిస్తే ధర ముందే బయటపడినట్టే, బిడ్ తీసేస్తారు. 'మొత్తం విలువలో ఇంత శాతం ఈఎండీ' లాంటి మాటలతో కూడా మీ ధర తెలిసిపోయే అవకాశం ఉంది, జాగ్రత్త. 'జీఎస్టీ అదనం', 'రవాణా మీదే' లాంటి అలవాటు మాటలు కూడా లేఖలో వద్దు. వాటికి చోటు ప్రైస్ బిడ్ ఫారంలోనే, అది కూడా వాళ్లు అడిగిన గడిలోనే.

ఈఎండీ బ్యాంకు గ్యారంటీ తేదీ, బిడ్ చెల్లుబాటు తేదీ ఒకటే ఉంటే చాలదా?

చాలదు. బిడ్ చివరి రోజున మీరు వెనక్కి తగ్గితే, ఈఎండీని జప్తు చేసుకోవడానికి వాళ్లకి కొంత సమయం కావాలి కదా. అందుకే గ్యారంటీ బిడ్ కంటే ఎక్కువ రోజులు ఉండాలంటారు. కేంద్ర రూల్స్‌లో మామూలుగా 45 రోజులు ఎక్కువ. మన కోల్డ్ స్టోరేజి వాళ్లు కూడా అంతే అడిగారు.

డిసెంబరు 14కి 45 రోజులు కలపండి. డిసెంబరులో మిగిలినవి 17, జనవరిలో 28. అంటే 2026 జనవరి 28. నేనైతే బ్యాంకుని జనవరి 31 వరకు ఇవ్వమని అడుగుతాను. మూడు రోజులకి అయ్యే కమీషను కంటే, ఒక రోజు తక్కువైతే పోయేది చాలా ఎక్కువ. బ్యాంకులో నమూనా తమది వాడతామంటే ఒప్పుకోకండి, టెండరులో ఇచ్చిన నమూనాలోనే కావాలని మొదటిరోజే చెప్పండి. ఇదంతా కావడానికి వారం పట్టొచ్చు, కాబట్టి ఆహ్వానం వచ్చిన వెంటనే బ్యాంకు పని మొదలుపెట్టాలి. టెన్షన్ వద్దనుకుంటే డీడీ తేలిక, డబ్బు మాత్రం అన్నాళ్లు ఇరుక్కుంటుంది.

ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకి కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో ఈఎండీ మినహాయింపు ఉంది. ప్రైవేటు కోల్డ్ స్టోరేజికి అది వర్తించదు. సర్టిఫికెట్ పెట్టి ఈఎండీ మానేస్తే బిడ్ ఆగిపోతుంది.

కవరు ఇచ్చేశాక మనసు మారితే?

సెప్టెంబరు 12 మధ్యాహ్నం 3 లోపల అయితే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు, మార్చి కొత్తది ఇవ్వొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన ఈ-టెండరు పోర్టళ్లలో ఒక తేడా ఉంది. గడువు లోపల మళ్లీ సమర్పించడానికి వీలుంది, కానీ ఒకసారి విత్‌డ్రా చేస్తే ఆ టెండరులో మళ్లీ వేయలేరు. మార్చాలనుకున్నవాళ్లు విత్‌డ్రా నొక్కి చేతులు కాల్చుకోవడం చూశాను.

గడువు దాటాక వెనక్కి తీసుకుంటే ఈఎండీ పోతుంది. 'అంగీకారం రాకముందు ప్రతిపాదన వెనక్కి తీసుకోవచ్చని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 5లో ఉంది కదా' అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. నిజమే, ఉంది. కానీ చెల్లుబాటు కాలంలో బిడ్ వెనక్కి తీసుకుంటే ఈఎండీ జప్తు చేసుకోవచ్చని జాతీయ రహదారుల సంస్థకీ, గంగా ఎంటర్‌ప్రైజెస్‌కీ మధ్య నడిచిన కేసులో 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. బిడ్ వెనక్కి తీసుకునే హక్కు వేరు, నిలబడతానని కట్టిన హామీ డబ్బు వేరు.

ఆన్‌లైన్ టెండరుకి ఈ లేఖ అవసరమా?

అవసరమే, పీడీఎఫ్ చేసి ఎక్కించాలి. రాష్ట్ర ప్రభుత్వ టెండర్లు `tender.apeprocurement.gov.in` లో వస్తాయి, రైల్వేవి `ireps.gov.in` లో. టైము విషయంలో మీ గడియారం కాదు, పోర్టల్ స్క్రీన్ మీద కనిపించే సర్వరు టైమే లెక్క. ఫైళ్లు ఎక్కించినంత మాత్రాన బిడ్ వేసినట్టు కాదు. ఎన్ఐసీ పోర్టళ్లలో చివర `Freeze Bid Submission` నొక్కి, రసీదు వస్తేనే పూర్తయినట్టు. ఆ రసీదు ప్రింటు తీసి ఫైలులో పెట్టుకోండి. డిజిటల్ సంతకం గడువు తీరిందేమో వారం ముందే చూసుకోండి.

చెల్లుబాటు పెంచమని లేఖ వచ్చింది. ఒప్పుకోవాలా?

అది మీ ఇష్టం. మామూలు షరతుల ప్రకారం ఒప్పుకోకపోయినా ఈఎండీ పోదు, మీ బిడ్ పాత తేదీతో ముగిసిపోతుంది, అంతే. ఒప్పుకుంటే పాత రేటుకే ఒప్పుకోవాలి. 'పొడిగిస్తాం కానీ రేటు ఐదు శాతం పెంచుతాం' అంటే అది పొడిగింపు కాదు.

ఆ లేఖకి జవాబు పాత తేదీ ముగియకముందే చేరాలి, కొత్త ముగింపు తేదీ అందులో ఉండాలి, బ్యాంకు గ్యారంటీ కూడా ఆ మేరకు పొడిగించి జతచేయాలి. ఒప్పుకునేముందు క్యాలెండరు చూడండి. మిర్చి సీజనుకి ర్యాకులు సిద్ధం కావాలి, ఫిబ్రవరి నుంచి టిక్కీలు రావడం మొదలవుతుంది. చెల్లుబాటు జనవరి నెలాఖరుకి పొడిగించి, పని పూర్తి చేసే గడువు మాత్రం పాతదే ఉంచితే, ఆర్డరు వచ్చిన రోజునే మీరు ఆలస్యమైనట్టు. పని గడువును 'ఆర్డరు తేదీ నుంచి ఇన్ని రోజులు' అని నిర్ధారించమని ఆ జవాబులోనే అడగండి.

చెల్లుబాటు చివరి రోజున వాళ్లు ఆర్డరు పోస్టులో వేశారు, మనకి మూడు రోజుల తర్వాత అందింది. కట్టుబడాలా?

కట్టుబడాలి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 4 ప్రకారం, అంగీకారం మీ చిరునామాకి సరిగ్గా పోస్టు చేసి, వాళ్ల చేతుల్లోంచి దాటిపోయిన క్షణం నుంచి మీరు కట్టుబడినట్టే. మీకు అందిన రోజు కాదు. డిసెంబరు 14 ఆదివారం కాబట్టి, 13 శనివారం పోస్టులో వేసిన అంగీకారం 16న అందినా అది సమయానికి ఇచ్చినదే. అదే 15 సోమవారం పోస్టులో వేస్తే మీ ప్రతిపాదన అప్పటికే ముగిసింది. సెక్షన్ 6 గడువు తీరిన ప్రతిపాదన గురించి చెప్పేది అదే. అప్పుడు మీరు ఒప్పుకోవాలంటే ఒప్పుకోవచ్చు, కానీ అది మీ ఇష్టం మీద, కొత్తగా మాట్లాడుకున్న ఒప్పందం.

అంగీకారం మీకు అందాలి అని టెండరు షరతుల్లో ప్రత్యేకంగా ఉంటే లెక్క మారుతుంది. ఉందో లేదో చూసుకోండి. కవరు అందిన రోజున దాన్ని చించి పారేయకుండా, పోస్టు ముద్ర ఉన్న ఆ ముక్కను ఆర్డరుకి పిన్ను పెట్టి దాచండి. మా పక్క షెడ్డు ఆయన ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. ఆయన కంప్యూటర్‌లో 'నేటి నుంచి 90 రోజులు' అన్న వాక్యాన్ని ఆ రోజే ఆయన ముందే తీసేశాం. ఆ చోట ఇప్పుడు రెండు ఖాళీలున్నాయి: ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు.